పది లక్షలు దాటితే మూడు శాతం, దేని మీద?

“నెలకు పది లక్షల పైన అమ్మితే మూడు శాతం కమిషన్.” సేల్స్ టీమ్‌కు వెళ్లే సర్క్యులర్‌లో చాలాచోట్ల ఇంతకు మించి ఉండదు. విజయవాడలో పైపులు, బాత్‌రూమ్ ఫిట్టింగులు సరఫరా చేసే ఒక డిస్ట్రిబ్యూటరు దగ్గర పనిచేసే సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఈ నెల పదకొండున్నర లక్షల సరుకు అమ్మాడనుకుందాం. ఇంటి దగ్గర తను వేసుకున్న లెక్క ప్రకారం అతనికి 34,500 రూపాయలు రావాలి. ఆఫీసు పంపిన పేఅవుట్ షీటులో మాత్రం 19,500 ఉంది. ఇద్దరూ చదివింది ఒకే సర్క్యులర్. ఇద్దరి గుణకారాల్లోనూ తప్పు లేదు.

“పది లక్షలు దాటితే మూడు శాతం అని మీరే రాశారు కదా మేడమ్?”

“దాటిన లక్షన్నరకే బాబూ మూడు శాతం. కింది పది లక్షలకు కింది రేట్లే.”

“మరి ఆ ముక్క సర్క్యులర్‌లో ఎక్కడుందండీ?”

ఈ మూడో ప్రశ్న న్యాయమైంది. కమిషన్ షీటు సరిచూడడానికి కూర్చున్నవాళ్లు ముందుగా జవాబు రాబట్టాల్సింది దీనికే. షీటు ముందేసుకుని అంకెలు ఎన్నిసార్లు కూడినా ఇది తేలదు.

ఆ డిస్ట్రిబ్యూటరు పెట్టిన స్కీము ఇలా ఉందనుకుందాం. నెలలో మొదటి ఐదు లక్షల నికర అమ్మకానికి 1 శాతం, ఐదు నుంచి పది లక్షల దాకా 2 శాతం, పది పైన 3 శాతం. అది కాక, ఎవరి టార్గెట్ వాళ్లు నూటికి నూరు శాతం అందుకుంటే 6,000 రూపాయల ఇన్సెంటివ్. దీన్ని లెక్కకట్టే పద్ధతులు రెండు. మొదటిది మెట్ల లెక్క: ఏ మెట్టు మీద పడిన అమ్మకానికి ఆ మెట్టు రేటు. మన ఎగ్జిక్యూటివ్‌కు మొదటి ఐదు లక్షల మీద 5,000, తర్వాతి ఐదు లక్షల మీద 10,000, మిగిలిన లక్షన్నర మీద 4,500, వెరసి 19,500. రెండోది గుండుగుత్త లెక్క: ఏ స్లాబులో తేలితే మొత్తం అమ్మకానికీ ఆ రేటే. పదకొండున్నర లక్షలకు మూడు శాతం అంటే 34,500.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు మెట్ల లెక్క కొత్తేమీ కాదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల దాకా పన్ను లేదు, అక్కణ్నుంచి ఎనిమిది దాకా 5 శాతం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం, పన్నెండు నుంచి పదహారు దాకా 15 శాతం. మెట్టు దాటిన భాగానికే పెద్ద రేటు పడుతుంది. గుండుగుత్త పద్ధతిలో ఉండే చిక్కు కూడా అక్కడే కనిపిస్తుంది. పన్నెండు లక్షల దాకా రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను సున్నా. మరి పన్నెండు లక్షల పదివేలు సంపాదించినవాళ్ల సంగతి? స్లాబుల ప్రకారం లెక్కేస్తే 61,500 పన్ను పడుతుంది. అంటే పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేల పైన కట్టాలి. ఆ అన్యాయం జరగకుండా మార్జినల్ రిలీఫ్ అని పెట్టి, పన్నెండు లక్షలు దాటిన మొత్తానికి మించి పన్ను పడకుండా చేశారు. ఆ మనిషి కట్టేది పదివేలు, దాని మీద సెస్సు. అంచు దగ్గర పెద్ద గెంతు ఉంటే ఏమవుతుందో ప్రభుత్వానికి తెలుసు కాబట్టే ఆ ఏర్పాటు. కమిషన్ స్కీములు రాసే చాలామంది మాత్రం ఆ గెంతును గమనించకుండానే వదిలేస్తారు.

మన స్కీమునే గుండుగుత్తగా లెక్కేసి చూడండి. 9,99,000 అమ్మినవాడికి రెండు శాతం చొప్పున 19,980 వస్తుంది. ఇంకో రెండు వేల సరుకు అమ్మి 10,01,000కు చేరినవాడికి 30,030 వస్తుంది. రెండు వేల అమ్మకానికి పదివేల పైచిలుకు కమిషన్! మెట్ల లెక్కలో ఇదే తేడా 50 రూపాయలు. గుండుగుత్త స్కీము తప్పని నేననడం లేదు. జట్టును గట్టిగా పరిగెత్తించడానికి కొన్ని కంపెనీలు తెలిసే అలా పెడతాయి. తెలిసి పెట్టడం వేరు, ఎక్సెల్ ఫార్ములా చేతకాక అలా అయిపోవడం వేరు. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. ఎందుకంటే షీటు తయారుచేసేవాళ్ల చేతికి తేలిగ్గా వచ్చే ఫార్ములా ఇది:

```
=B2*VLOOKUP(B2,$H$2:$I$4,2,TRUE)
```

B2లో అమ్మకం ఉంది, H, I కాలమ్‌లలో స్లాబులు, రేట్లు ఉన్నాయి. అమ్మకం ఏ స్లాబులో పడిందో చూసి, దాని రేటు తెచ్చి, మొత్తాన్ని దానితో గుణిస్తుంది. పొందిగ్గా కనిపిస్తుంది, ఎర్రర్ కూడా రాదు. కానీ ఇది గుండుగుత్త లెక్క. సర్క్యులర్ రాసినవాళ్ల ఉద్దేశం మెట్ల లెక్క అయితే, కంపెనీ నెలనెలా ఎక్కువ ఇచ్చేస్తూ ఉంటుంది. తీసుకునేవాళ్లు ఫిర్యాదు చేయరు కాబట్టి ఏళ్ల తరబడి బయటపడదు కూడా. ఏదో ఒక రోజు కొత్తగా వచ్చిన అకౌంటెంట్ పట్టుకుంటే, అప్పటిదాకా వచ్చిన డబ్బు ఒక్క నెలలో తగ్గిపోతుంది. అప్పుడు కోతపెట్టారన్న మాట, దాంతో మనసులు విరగడం, రాజీనామాలు.

మెట్ల లెక్కకు సులువైన ఫార్ములా ఉంది. రేట్లను 1, 2, 3 శాతాలుగా కాకుండా, ఒక్కో మెట్టు దగ్గర అదనంగా ఎంత కలిసిందో చూడాలి. మన స్కీములో మొత్తం అమ్మకానికీ 1 శాతం ఎలాగూ ఉంది. ఐదు లక్షలు దాటిన భాగానికి మరో 1 శాతం కలుస్తుంది, పది దాటిన భాగానికి ఇంకో 1 శాతం కలుస్తుంది.

```
=B2*1%+MAX(0,B2-500000)*1%+MAX(0,B2-1000000)*1%
```

పదకొండున్నర లక్షలు పెడితే 11,500, దానికి 6,500, దానికి 1,500 కలిసి 19,500 వస్తుంది. ఫార్ములా తెలియనివాళ్లు కూడా కాగితం మీద ఇదే వరసలో వేసుకోవచ్చు.

మీ చేతికొచ్చిన షీటు ఏ పద్ధతిలో నడుస్తోందో తేల్చుకోవడానికి ఫార్ములా చదవక్కర్లేదు. షీటుకు ఒక నకలు తీసుకుని, ఒకరి అమ్మకం గడిలో 10,00,100 అని కొట్టండి. కమిషన్ 15,003 చూపిస్తే మెట్ల లెక్క, 30,003 చూపిస్తే గుండుగుత్త. ఈ రెండూ కాక 20,002 లాంటిది వస్తే, స్లాబు పట్టికలోనే ఏదో తేడా ఉందన్నమాట. బహుశా మూడో వరస దాకా ఫార్ములా చేరడం లేదు. మెట్ల మధ్యలో ఉండే అంకెలతో పరీక్షిస్తే ఈ పనికి అంత స్పష్టత రాదు. తప్పులు అంచుల దగ్గరే బయటపడతాయి, కాబట్టి ఐదు లక్షలు, పది లక్షలు, వాటికి కాస్త కింద, కాస్త పైన పెట్టి చూడాలి. సరిగ్గా పది లక్షలు అమ్మినవాడు పైమెట్టులోకి వస్తాడా రాడా అన్న వాదన గుండుగుత్త లెక్కలోనే పుడుతుంది. పైన చూపిన VLOOKUP అతన్ని పైమెట్టులోనే వేస్తుంది, సర్క్యులర్‌లో మాత్రం “పది లక్షల పైన” అని ఉంటుంది. మెట్ల లెక్కలో అతన్ని ఎటు వేసినా వచ్చేది 15,000 రూపాయలే.

షీటులో కొందరికి లెక్క తప్పిందని అనుమానం వస్తే, ఆ తేడాలనే వరసగా పెట్టి చూడాలి. మన స్కీములో పొరపాటున గుండుగుత్త లెక్క దూరితే, పది లక్షలు దాటిన ప్రతి ఒక్కరికీ సరిగ్గా 15,000 ఎక్కువ పడుతుంది. పదకొండు లక్షలైనా, ఇరవై లక్షలైనా అంతే. ఐదు, పది మధ్య ఉన్నవాళ్లకు సరిగ్గా 5,000 ఎక్కువ. ఐదు లోపువాళ్లకు తేడా ఉండదు. కింది మెట్ల మీద రేటు ఎంత ఎక్కువ పడిందో దాన్నిబట్టి వచ్చే అంకెలివి, కాబట్టి అమ్మకంతో పాటు మారవు. తేడాలు ఇలా రెండు మూడు గుండ్రటి అంకెల్లో నిలిస్తే కారణం స్లాబు పద్ధతి. అమ్మకంతో పాటు పెరుగుతూ, తగ్గుతూ ఉంటే కారణం వేరే చోట, సాధారణంగా నికర అమ్మకం తీసిన పద్ధతిలో ఉంటుంది.

గొడవల్లో రెండో సగం ఆ నికర అమ్మకం దగ్గరే. పదకొండున్నర లక్షల అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. మన ఎగ్జిక్యూటివ్ పేరు మీద ఆ నెల వెళ్లిన ఇన్‌వాయిస్‌ల మొత్తం, జీఎస్టీతో కలిపి, 14,16,000. ఒక హార్డ్‌వేర్ షాపు వెనక్కి పంపిన సరుకుకు ఇచ్చిన క్రెడిట్ నోట్ 59,000, ఇదీ జీఎస్టీతో కలిపే. ప్లాస్టిక్ పైపుల మీద జీఎస్టీ 18 శాతం. పన్ను తీసేయడానికి 1.18తో భాగించాలి. 14,16,000 కాస్తా పన్నెండు లక్షలు అవుతుంది, 59,000 యాభై వేలు అవుతుంది, మిగిలేది పదకొండున్నర లక్షలు.

చాలామంది ఇక్కడ భాగించడానికి బదులు 18 శాతం తీసేస్తారు. పన్ను లేని ధర మీద 18 శాతం కలిపి బిల్లు వేశారు కాబట్టి, బిల్లు మొత్తం మీద 18 శాతం తీస్తే అసలు కన్నా ఎక్కువే తీసినట్టు. అలా చేస్తే నికర అమ్మకం 11,12,740 అని వస్తుంది. కమిషన్ 18,382 రూపాయల 20 పైసలు. తేడా పదకొండు వందల చిల్లరే కదా అనిపిస్తుంది. కానీ అతని టార్గెట్ 11,25,000 అనుకోండి. సరైన లెక్కలో అతను 102.2 శాతం చేరుకున్నాడు, ఇన్సెంటివ్ 6,000 రావాలి. తప్పు లెక్కలో 98.9 శాతం దగ్గర ఆగిపోయాడు, అది రాదు. ఒక చిన్న భాగహారం పొరపాటుకు ఆ మనిషి నష్టపోయింది 7,117 రూపాయల 80 పైసలు. టార్గెట్‌కు కట్టిన ఇన్సెంటివ్ ఉన్న చోటల్లా ఇంతే. స్లాబులు మెట్లుగా ఉన్నా ఇన్సెంటివ్ మాత్రం గుండుగుత్తే, అందుకే అంచు దగ్గరున్నవాళ్ల అమ్మకాన్ని రెండుసార్లు చూడాలి.

ఆ అంచు దగ్గరే ఇంకో తిరకాసు ఉంది. మరో ఎగ్జిక్యూటివ్ టార్గెట్ పన్నెండు లక్షలు, అమ్మింది 11,95,000. అసలు శాతం 99.58. షీటులో ఆ గడిని దశాంశాలు లేకుండా పెడితే తెర మీద 100% అని కనిపిస్తుంది, పక్క గడిలో ఇన్సెంటివ్ సున్నా. అతను ఫోన్ చేసి అడగడంలో తప్పేముంది? ఎక్సెల్ చూపించేది గుండ్రం చేసిన అంకె, లెక్కపెట్టేది లోపలి అంకె. ఎవరైనా ఆ శాతాన్ని చేత్తో కొట్టినా, ROUNDతో గుండ్రం చేసినా దీనికి తిరగబడి, రాని ఇన్సెంటివ్ వచ్చేస్తుంది. ఆ కాలమ్‌ను రెండు దశాంశాలతో చూపించడం, గుండ్రం చేస్తామో చేయమో సర్క్యులర్‌లో రాయడం, రెండూ ఐదు నిమిషాల పనే.

క్రెడిట్ నోట్ల విషయంలో రకాలు గమనించాలి. సరుకు వెనక్కి వచ్చినందుకు ఇచ్చేది ఒకటి, రేటు తేడాకో ముందస్తు చెల్లింపు తగ్గింపుకో ఇచ్చేది ఇంకొకటి. రెండో రకాన్ని అమ్మకంలోంచి తీయాలా వద్దా అన్నది ఒక్కో చోట ఒక్కో తీరు, రాసుకున్నదే ప్రమాణం. బిల్లు మీద కాకుండా వసూలైన డబ్బు మీద కమిషన్ ఇచ్చే కంపెనీల్లో ఈ లెక్క మొత్తం బ్యాంకులో పడిన తేదీల చుట్టూ తిరుగుతుంది.

ఒక్కొక్కరి అమ్మకం సరిపోయాక, అందరిదీ కలిపి చూడాలి. టీమ్‌లో తొమ్మిది మంది ఉంటే, ఆ తొమ్మిది మంది నికర అమ్మకాలూ, ఎవరి ఖాతాలోనూ వేయని ఆఫీసు అమ్మకాలూ కూడితే, అకౌంట్స్‌లోని సేల్స్ రిజిస్టర్ నికర మొత్తంతో రూపాయి తేడా లేకుండా కలవాలి. ఎక్కువ వస్తే ఒకే ఇన్‌వాయిస్ ఇద్దరి పేర్ల మీద పడింది. తక్కువ వస్తే ఏదో తప్పిపోయింది. తప్పిపోవడానికి మామూలు కారణాలు రెండు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చి అతికించిన అంకెలు కొన్నిసార్లు అక్షరాలుగా కూర్చుంటాయి, SUM వాటిని లెక్కలోకి తీసుకోదు. అలాంటివి సాధారణంగా గడిలో ఎడమ పక్కకు ఒరిగి కనిపిస్తాయి. రెండోది, నెలాఖరున వచ్చిన ఇన్‌వాయిస్‌లను కింద చేర్చారు గానీ SUM పాత వరస దగ్గరే ఆగిపోయింది. అయితే మొత్తం కలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఒకరి ఇన్‌వాయిస్ ఇంకొకరి పేరు మీద పడితే మొత్తం మారదు. అది పట్టుకోగలిగేది ఆ ఇన్‌వాయిస్ తెచ్చినవాళ్లే. అందుకే షీటుతో పాటు ఎవరి ఇన్‌వాయిస్‌ల జాబితా వాళ్లకు పంపడం అవసరం. తుది అంకె ఒక్కటే పంపి నమ్మమనడం సరికాదు.

ఇంకో పాత జబ్బు కూడా చెప్పాలి. కొత్త నెల షీటు ఎవరూ మొదటి నుంచి కట్టరు, పోయిన నెల ఫైలును కొత్త పేరుతో సేవ్ చేసి అంకెలు మారుస్తారు. పోయిన నెల మేనేజర్ చెప్పాడని ఎవరికో కమిషన్ గడిలో ఫార్ములా తీసేసి 21,000 అని చేత్తో కొట్టి ఉంటే, ఈ నెల అతను రెండు లక్షలే అమ్మినా ఆ 21,000 అక్కడే కూర్చుంటుంది. ఎక్సెల్‌లో `Ctrl+`, దాంతో పాటు `1` అంకె ఎడమ పక్కనున్న మీట కలిపి నొక్కితే గడుల్లో ఫలితాల బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. కాలమ్ అంతా ఫార్ములాలుంటే, వాటి మధ్య ఒంటరిగా నిలబడిన అంకె వెంటనే కంటపడుతుంది. ప్రత్యేకంగా ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే దానికి వేరే కాలమ్, పక్కన ఎవరు ఒప్పుకున్నారో ఒక మాట ఉండాలి.

ఇక అసలు చిక్కు, నెల దాటాక వెనక్కి వచ్చే సరుకు. మార్చిలో ఒకరు 10,20,000 నికర అమ్మకం చూపించారు. టార్గెట్ పది లక్షలు, కాబట్టి ఇన్సెంటివ్ కూడా అందింది. ఏప్రిల్ మొదటి వారంలో అందులో 80,000 సరుకు వెనక్కి వచ్చింది. ఏప్రిల్‌లో కొత్తగా ఆరు లక్షలు అమ్మారు. చాలా షీట్లు చేసేదేమిటంటే ఆరు లక్షల్లోంచి 80,000 తీసేసి 5,20,000కు కమిషన్ కట్టడం. మెట్ల లెక్కలో ఇలా చేస్తే ఏప్రిల్ కమిషన్ 7,000 నుంచి 5,400కు దిగుతుంది, 1,600 తగ్గినట్టు. నిజానికి ఆ సరుకు మార్చిది. మార్చిని 9,40,000తో మళ్లీ కడితే 15,600 కాస్తా 13,800 అవుతుంది, 1,800 వెనక్కి రావాలి. తేడా 200 రూపాయలు, దానికోసం ఎవరూ తలపట్టుకోనక్కర్లేదు. కానీ 94 శాతమే చేరినవాళ్లకు అందిన 6,000 ఇన్సెంటివ్ మాత్రం ఏప్రిల్ షీటులో ఎక్కడా తగలదు, అలాగే ఉండిపోతుంది.

అదే గుండుగుత్త స్కీములో అయితే మార్చిలో 30,600 అందింది, రావాల్సింది 18,800. ఏప్రిల్‌లోంచి తీయడం వల్ల తగ్గేది మళ్లీ 1,600 మాత్రమే. పదివేల రెండొందలు అనవసరంగా వెళ్లిపోయాయి. ఈ దారి ఉందని తెలిస్తే నెలాఖరున తెలిసిన షాపుకు సరుకు దింపి, స్లాబు దాటించి, వచ్చే నెల వెనక్కి తెప్పించుకోవాలన్న ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది? దాన్ని పట్టుకోవడానికి పోలీసుతనం అక్కర్లేదు. నెల మొదటి పదిరోజుల క్రెడిట్ నోట్లు తీసి, అవి ఏ ఇన్‌వాయిస్‌ల మీద పడ్డాయో చూడాలి. పోయిన నెల చివరి రెండు మూడు రోజుల ఇన్‌వాయిస్‌ల మీదే, అదీ స్లాబు అంచు దాటీ దాటని వాళ్లవే మళ్లీ మళ్లీ పడుతుంటే విషయం అర్థమవుతుంది. ఒక నెలలో ఒక్కసారి పడితే మాత్రం ఏమీ అనలేం, సరుకు పగిలి వచ్చి ఉండొచ్చు, సైజు మారి ఉండొచ్చు.

దీనికి కంపెనీలు ఎంచుకునే మార్గాలు రెండు. వెనక్కి వచ్చిన సరుకును అది అమ్మిన నెలలోనే తీసి, ఆ నెల లెక్కను మళ్లీ కట్టి, తేడాను ఈ నెల షీటులో “పాత నెల సవరణ” అన్న వేరే వరసలో చూపించడం ఒకటి. కమిషన్‌ను నెలన్నర ఆగి, రిటర్నుల గడువు ముగిశాకే ఇవ్వడం రెండోది. రెండో మార్గంలో లెక్క శుభ్రంగా ఉంటుంది, కానీ ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ కమిషన్ మీదే పెట్టుకున్నవాళ్లకు ఆ ఆలస్యం భారం. నా మాట అడిగితే మొదటిదే మేలు. అయితే ఎన్ని నెలల వెనక్కి వెళ్లి సవరిస్తారో ముందే రాసుండాలి. జూన్‌లో అమ్మిన పైపు వచ్చే ఏడాది ఫిబ్రవరిలో వెనక్కి వస్తే, అప్పుడు తవ్వి తీయడం ఎవరికీ సమ్మతం కాదు.

షీటులో తప్పుందని చెప్పాల్సి వచ్చినప్పుడు “నా కమిషన్ తక్కువొచ్చింది” అని రాస్తే ఆఫీసులో అది పది మెయిళ్ల కింద పడిపోతుంది. నికర అమ్మకం మీ లెక్కలో ఎంత, షీటులో ఎంత, ఆ తేడాకు కారణమైన ఇన్‌వాయిస్ నంబరు లేదా క్రెడిట్ నోట్ నంబరు ఏది అన్నవి రాయాలి. అమ్మకం సరిపోయి కమిషన్ ఒక్కటే తేడా వస్తే, ఏ మెట్టు మీద ఎంత రావాలో మూడు వరసల్లో వేసి పంపాలి. పోల్చేది టీడీఎస్ కోయకముందు అంకెతోనే అయుండాలి. ఉద్యోగికి ఇచ్చే కమిషన్ కూడా జీతం కిందే పన్నుకు వస్తుంది కాబట్టి బ్యాంకులో పడే మొత్తం షీటులోని అంకె కన్నా తక్కువ ఉండొచ్చు. ఆ తేడాను పట్టుకుని స్లాబు మీద గొడవకు దిగితే అసలు తప్పు ఉన్నా అది వెనకపడిపోతుంది.